ముక్కూమొహం తెలియని క్లయింట్‌కి రాసే మొదటి మెయిల్: రిప్లై ఎందుకు వస్తుంది, ఎందుకు రాదు

పరిచయం లేని కంపెనీకి పని కోసం రాసే మెయిల్‌ని అందరూ కోల్డ్ మెయిల్ అంటారు. అది స్పామా కాదా అన్నది పంపినవాళ్ల మనసులో ఏముందో దాన్నిబట్టి తేలదు, చదివేవాళ్లకి ఎలా కనిపించిందో దాన్నిబట్టే తేలుతుంది. ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిస్తే కనపడేది ఎంత? పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్‌లో మొదటి నాలుగైదు మాటలు, దాని కింద మెయిల్ మొదటి లైన్‌లోంచి ఒక ముక్క, అంతే. మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య ఉన్న కాస్త టైమ్‌లో ఆ ముక్క చూసి మనిషి ఒక్కటే తేల్చుకుంటారు, ఇది నాకోసం రాసిందా లేక నాలాంటి వెయ్యిమందికి ఒకేసారి కొట్టిందా అని. రెండోదే అనిపించిందంటే లోపల ఎంత మంచి సర్వీస్ గురించి రాసినా ఎవరూ అక్కడిదాకా రారు.

అందుకే కోల్డ్ మెయిల్ గురించి మాట్లాడేటప్పుడు రాసే పద్ధతి కన్నా ముందు, రాయడానికి మన దగ్గర ఏముంది అన్నది చూసుకోవాలి. మాటలు ఎంత తీర్చిదిద్దినా చెప్పడానికి ఆ ఒక్క కంపెనీకే సంబంధించిన సంగతి ఏదీ లేకపోతే అది స్పామ్‌లాగే చదువుకుంటారు, ఎందుకంటే నిజానికి అది స్పామే. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది: రాసిన మెయిల్‌లో కంపెనీ పేరు తీసేసి పక్క కంపెనీ పేరు పెట్టి చూడాలి. అప్పుడు కూడా మెయిల్ చక్కగా అతికిపోతే దాంట్లో సరుకు లేనట్టే.

ఒక ఉదాహరణ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్దాం. ఆన్‌లైన్ స్టోర్లకి హెల్ప్ పేజీలు, రిటర్న్ పాలసీ, డెలివరీ సమాచారం లాంటివి సరిచేసి రాసే ఒక ఫ్రీలాన్సర్ ఉన్నారనుకుందాం. ఫర్నిచర్ అమ్మే ఒక ఆన్‌లైన్ స్టోర్‌కి రాయాలి. ఇలాంటప్పుడు ఎక్కువమంది రాసే మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: మీ బిజినెస్ గ్రోత్ కోసం ఒక అద్భుతమైన అవకాశం!
>
> గౌరవనీయులైన సర్/మేడమ్,
>
> మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. కంటెంట్ రంగంలో నాకు ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. బ్లాగులు, వెబ్‌సైట్ కంటెంట్, సోషల్ మీడియా, హెల్ప్ పేజీలు, న్యూస్‌లెటర్లు అన్నీ క్వాలిటీగా, టైమ్‌కి అందిస్తాను. మీ వెబ్‌సైట్ చూశాను, చాలా బాగుంది. మీ బ్రాండ్‌ని నెక్స్ట్ లెవెల్‌కి తీసుకెళ్లగలనని నమ్మకం ఉంది. ఈ వారంలో 30 నిమిషాల కాల్‌కి వీలవుతుందా? కింద కేలెండర్ లింక్ ఉంది, మీకు నచ్చిన టైమ్ బుక్ చేసుకోండి. నా ప్రొఫైల్ పీడీఎఫ్ అటాచ్ చేశాను.

దీంట్లో అబద్ధం ఏమీ లేదు, మర్యాద కూడా తగ్గలేదు, అయినా రిప్లై రాదు. ఎందుకో లైన్ లైన్‌గా చూస్తే తెలిసిపోతుంది. సబ్జెక్ట్ చూస్తే ఏ కంపెనీకైనా పనికొచ్చేలా ఉంది. మొదటి వాక్యం క్షేమసమాచారం, ఇన్‌బాక్స్‌లో కనపడే ఆ ఒక్క ముక్కా దానికే సరిపోయింది. తర్వాతంతా పంపినవాళ్ల గురించే, అందులోనూ ఐదు రకాల పనులు ఏకరువు పెట్టేసరికి ఏ పనిలో చెయ్యి తిరిగిందో అర్థం కాదు. "మీ వెబ్‌సైట్ చూశాను, చాలా బాగుంది" అన్న లైన్ వీటన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే చూడనివాళ్లు కూడా సరిగ్గా ఇదే రాస్తారని ఇన్‌బాక్స్ చూసే ప్రతి మేనేజర్‌కీ తెలుసు. ఇంక చివర్లో ముక్కూమొహం తెలియని మనిషి కోసం అరగంట కేటాయించమని, పైగా టైమ్ కూడా మీరే బుక్ చేసుకోమని అడగడం. పని కావాల్సింది ఒకరికి, శ్రమ పడాల్సింది ఇంకొకరు అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అదే ఫ్రీలాన్సర్ మెయిల్ రాయడం పక్కనపెట్టి ముందు ఒక ఇరవై నిమిషాలు ఆ స్టోర్‌లో కస్టమర్‌లాగా తిరిగారనుకోండి. ఒక సోఫా పేజీ తెరిచి కింద చిన్న అక్షరాల్లో ఉన్న రిటర్న్ లైన్ చదివి, అదే విషయం హెల్ప్ సెక్షన్‌లో ఏముందో చూసి, కార్ట్‌లో వేసి చెక్ఔట్ దాకా వెళ్లి డెలివరీ చార్జీ ఎక్కడ ఏం చూపిస్తుందో గమనించి, ఆర్డర్ క్యాన్సిల్ చేయాలంటే ఏం చేయమన్నారో వెతికారు. అప్పుడు ఒక సంగతి దొరికింది: ప్రొడక్ట్ పేజీల కింద రిటర్న్‌కి 30 రోజులు టైమ్ అని ఉంది, హెల్ప్ సెక్షన్‌లో మాత్రం 14 రోజులు అని ఉంది. ఇది చాలా విలువైన సంగతి, ఎందుకంటే పద్నాలుగు రోజులు దాటాక, ముప్ఫై రోజుల్లోపు రిటర్న్ అడిగే ప్రతి కస్టమర్ దగ్గరా ఇది గొడవ అయ్యే అవకాశం ఉంది, ఆ గొడవ పడేది సపోర్ట్ టీమ్.

అన్ని సంగతులూ ఇలా పనికిరావు, ఏది పనికొస్తుందో తేల్చుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. మొదటిది, చదివినవాళ్లు రెండు ట్యాబులు తెరిచి నిమిషంలో నిజమో కాదో చూసుకోగలగాలి. "మీ సైట్ కన్వర్షన్ తక్కువగా ఉన్నట్టుంది" అని, అంటే సైట్ చూసినవాళ్లలో కొనేవాళ్లు తక్కువని రాస్తే అది ఊహ, బయటివాళ్లకి ఆ లెక్క తెలిసే అవకాశమే లేదు, తెలియని లెక్క గురించి మాట్లాడిన మరుక్షణం నమ్మకం పోతుంది. రెండోది, అది మనం చేసే పనికి నేరుగా అతకాలి. హెల్ప్ పేజీలు రాసే మనిషి సైట్ స్పీడ్ గురించి చెప్తే ఆ సంగతి నిజమే అయినా, థాంక్స్ చెప్పి ఇంకొకరి చేత చేయించుకుంటారు. మూడోది, ఆ సమస్య వల్ల ఇబ్బంది పడుతున్న మనిషి ఎవరో మనకి తెలియాలి, మెయిల్ వెళ్లాల్సింది ఆ మనిషికే కాబట్టి.

ఇంకో రకం సంగతులు ఉన్నాయి, అవి దొరికినా వాడకూడదు. మేనేజర్ గారి ఫ్యామిలీ ఫోటో చూశామనో, వాళ్లు చదివిన కాలేజీ తెలుసనో మొదలుపెడితే అది దగ్గరితనం అనిపించదు, వెంటపడుతున్నట్టు అనిపిస్తుంది. కంపెనీ వాళ్లంతట వాళ్లు పబ్లిక్‌గా పెట్టినవి, అంటే సైట్, ఉద్యోగ ప్రకటనలు, ప్రొడక్ట్ రివ్యూలు, రిలీజ్ నోట్సు లాంటివి చాలు. వీటిలో ఉద్యోగ ప్రకటనలు మరీ పనికొస్తాయి, కంపెనీ దేనికోసం డబ్బు ఖర్చుపెట్టడానికి సిద్ధంగా ఉందో అందులో వాళ్ల మాటల్లోనే ఉంటుంది కదా. సపోర్ట్ టీమ్‌లోకి ఒకేసారి నలుగురిని తీసుకుంటున్నారంటే టికెట్లు, అంటే కస్టమర్ల నుంచి వచ్చే ఫిర్యాదులు, ప్రశ్నలు పెరిగాయనే అనుకోవచ్చు, కానీ మెయిల్‌లో మాత్రం "మీకు టికెట్లు పెరిగాయి" అని తీర్పు చెప్పకుండా "సపోర్ట్‌లో మనుషుల్ని తీసుకుంటున్నట్టు చూశాను" అనేదాకా ఆగాలి.

ఎవరికి రాయాలన్న దగ్గర చాలామంది పొరపాటు పడి నేరుగా కంపెనీ పెట్టినవాళ్లకే రాసేస్తారు. పదిమంది కూడా లేని కంపెనీ అయితే అది సరే. కొంచెం పెద్దదైతే రిటర్న్ పాలసీలో తేడా అన్నది పైవాళ్లకి చిన్న విషయం, కస్టమర్ సపోర్ట్ చూసే మేనేజర్‌కి మాత్రం రోజూ ఎదురయ్యే తలనొప్పి. అదే మెయిల్ ఒకరికి సోది, ఇంకొకరికి అవసరం. info@ లాంటి అడ్రస్‌కి పంపితే అది ఎవరి మెయిలూ కాదు కాబట్టి ఎవరూ జవాబివ్వరు. ఒకే కంపెనీలో ఐదుగురికి ఒకే మెయిల్ పంపడం అంతకన్నా పెద్ద తప్పు, వాళ్లు పక్కపక్క సీట్లలో కూర్చుంటారు, ఒకరికొకరు చూపించుకుంటారు, ఆ తర్వాత ఆ కంపెనీలో ఇంక ఆ పేరుకి విలువ ఉండదు.

ఇప్పుడు రెండో మెయిల్:

> సబ్జెక్ట్: రిటర్న్ గడువు 30 రోజులా, 14 రోజులా?
>
> (పేరు) గారికి నమస్తే,
>
> మీ స్టోర్‌లో సోఫాల పేజీల కింద రిటర్న్‌కి 30 రోజులు అని ఉంది, హెల్ప్ సెక్షన్‌లో "డెలివరీ అయిన 14 రోజుల్లోపు" అని ఉంది. ఈరోజు పొద్దున చూసినప్పుడు కూడా అలాగే ఉన్నాయి. 14 రోజులు దాటాక అడిగే కస్టమర్లకి ఏ పేజీ ప్రకారం జవాబు చెప్పాలన్నది మీ టీమ్‌కి ఇబ్బంది అవుతుండొచ్చు.
>
> ఆన్‌లైన్ స్టోర్లకి హెల్ప్ పేజీలు సరిచేసి రాయడం నా పని. మీ సైట్‌లో ఇలాంటివే ఇంకో నాలుగు కనిపించాయి, డెలివరీ చార్జీ దగ్గర రెండు, క్యాన్సిలేషన్ దగ్గర రెండు. ఏ పేజీలో ఏముందో ఒక లిస్ట్ రాసి పంపమంటారా? దానికి డబ్బులేమీ వద్దు, తర్వాత మీ టీమే సరిచేసుకున్నా పర్వాలేదు.
>
> ఇలాంటివి మీ దగ్గరికి రావాల్సినవి కాకపోతే ఒక్క మాట చెప్పండి, మళ్లీ రాయను.
>
> (పేరు, సైట్, పోస్టల్ అడ్రస్)

మొత్తం స్క్రోల్ చేయక్కర్లేకుండా దాదాపు ఒక ఫోన్ స్క్రీన్‌లో సరిపోతుంది. దీంట్లో సబ్జెక్ట్ చూడండి, ఆ కంపెనీలో పక్కసీటు మనిషి పంపినట్టు ఉంది, ఆశ్చర్యార్థకాలు లేవు, ఊరింపు లేదు, కానీ అబద్ధం కూడా లేదు, మెయిల్ తెరిస్తే సరిగ్గా ఆ విషయమే ఉంటుంది. కొంతమంది మెయిల్ తెరిపించడానికి సబ్జెక్ట్ ముందు `Re:` పెట్టి పాత సంభాషణలా నటిస్తారు. తెరుస్తారు, నిజమే, తెరిచి మోసపోయామని తెలియగానే ఒళ్లు మండి స్పామ్ బటన్ నొక్కుతారు. తెరవడం మనకి అక్కర్లేదు, జవాబు కావాలి, ఈ రెండూ వేరువేరు అని తెలియకే సగం సలహాలు దారితప్పుతాయి.

మొదటి వాక్యం చదివేవాళ్ల గురించే, వాళ్ల సైట్ గురించే, అదీ అంకెలతో. "ఈరోజు పొద్దున చూసినప్పుడు" అన్న చిన్న మాట ఎందుకంటే ఎప్పుడో తీసిన లిస్ట్‌లోంచి వచ్చిన మెయిల్ కాదని అది చెప్పకనే చెప్తుంది, పైగా పంపేముందు నిజంగానే ఇంకోసారి చూసుకోవాలి, ఈలోపు వాళ్లు సరిచేసేసి ఉంటే మొత్తం మెయిల్ తేలిపోతుంది. తర్వాత ఆ తేడా వల్ల ఏమవుతుందో ఒక్క వాక్యంలో ఉంది, "అవుతుండొచ్చు" అన్నారే కానీ అవుతుందని గట్టిగా అనలేదు, లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియదు కదా. తన గురించి చెప్పుకున్నది ఒకే ఒక్క వాక్యం. ఇక్కడ చాలామందికి చెయ్యి ఆగదు, క్లయింట్ల పేర్లు, అవార్డులు, సర్టిఫికెట్లు అన్నీ పెట్టేయాలనిపిస్తుంది, అవన్నీ రిప్లై వచ్చాక అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు. అచ్చం ఇలాంటి స్టోర్‌కే ఇదే పని చేసి ఉంటే మాత్రం దాన్ని ఒక్క లైన్‌లో చెప్పడం మంచిదే.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఆ "పంపమంటారా?" దగ్గర. కాల్ అడగలేదు, మీటింగ్ అడగలేదు, ఫోన్‌లో ఒక వేలితో "పంపండి" అని టైప్ చేస్తే సరిపోయే జవాబు అడిగారు. మొదటి మెయిల్‌కి వచ్చే జవాబు పని ఒప్పుకోవడం కాదు, మాట కలపడానికి ఒప్పుకోవడం మాత్రమే, కాబట్టి అడిగేది కూడా దానికి తగ్గట్టు చిన్నదిగానే ఉండాలి. లిస్ట్ ఉచితంగా ఇచ్చేస్తే వాళ్లే సరిచేసుకుని మనల్ని మర్చిపోతారేమో అన్న భయం సహజమే. కొంతమంది అలాగే చేస్తారు కూడా. కానీ నాలుగు చోట్ల తేడా ఉన్న సైట్‌లో నలభై చోట్ల ఉండే అవకాశం ఉంది, అవి వెతికి సరిచేసి మళ్లీ చెడిపోకుండా చూసే టైమ్ ఆ టీమ్‌కి ఉంటే ఈ తేడాలు వచ్చేవే కాదు. ఒక షరతు మాత్రం ఉంది, మిగతా నాలుగూ నిజంగా దొరికి ఉండాలి. దొరక్కుండా రాస్తే "పంపండి" అని జవాబొచ్చిన రోజు మొహం చెల్లదు.

చెప్పే సంగతి వేలెత్తి చూపినట్టు ఉండకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. "మీ హెల్ప్ పేజీలు చాలా అధ్వాన్నంగా ఉన్నాయి" అని రాస్తే చదివే మనిషే ఆ పేజీలు రాసి ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మంచిచెడ్డలు వాళ్లకే వదిలేయాలి. ఒకవేళ దొరికింది కస్టమర్ల డేటా బయటపడేలాంటి సెక్యూరిటీ లోపం అయితే దాన్ని అమ్మకపు మెయిల్‌లో అసలు వాడకూడదు, బెదిరించి పని అడిగినట్టు ఉంటుంది. కంపెనీ సెక్యూరిటీ అడ్రస్ ఉంటే అక్కడికి విడిగా, ఏమీ ఆశించకుండా తెలియజేయాలి.

ఇంతా రాసి స్పామ్ ఫోల్డర్‌లో పడితే ఎవరికీ ఉపయోగం లేదు, కాబట్టి ఫిల్టర్ సంగతి కూడా చూడాలి. ఫిల్టర్లు మెయిల్‌లో "ఉచితం" అన్న మాట ఉందా లేదా అని మాత్రమే చూస్తాయనుకోవడం పాత నమ్మకం. అవి ముందు చూసేది పంపిన డొమైన్‌ని, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగాన్ని, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు ఉందా అని, ఆ డొమైన్ నుంచి వచ్చిన పాత మెయిల్స్‌ని మనుషులు ఏం చేశారు అని. రుజువు కోసం ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు సెట్టింగులు ఉంటాయి, డొమైన్ వివరాలు ఉండే డీఎన్ఎస్ రికార్డుల్లో పెట్టుకోవాలి, మెయిల్ సర్వీస్ ఇచ్చేవాళ్ల హెల్ప్ పేజీలో ఏం పెట్టాలో ఉంటుంది. పెట్టాక పనిచేస్తున్నాయా లేదా చూడడం తేలిక, వేరే జీమెయిల్ అకౌంట్‌కి ఒక మెయిల్ పంపి, కంప్యూటర్‌లో దాన్ని తెరిచి మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కితే పైన మూడిటి పక్కనా ఇలా కనపడాలి:

```
SPF:   PASS
DKIM:  PASS
DMARC: PASS
```

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ విషయంలో రూల్స్ బిగించింది. జీమెయిల్‌కి మెయిల్ పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి, రోజుకి 5,000 మెయిల్స్ దాటి పంపేవాళ్లకి మూడూ ఉండాలి. స్పామ్ అని రిపోర్ట్ అయ్యే శాతం 0.1 లోపు ఉంచుకోమని, 0.3ని ఎప్పుడూ చేరనివ్వొద్దని కూడా చెప్పింది. 0.1 శాతం అంటే వెయ్యికి ఒకరు. వంద మెయిల్స్ పంపితే అందులో ఒక్కరు స్పామ్ నొక్కినా అది 1 శాతం, గూగుల్ గీసిన గీతకి పదింతలు. ఇంత తక్కువ మెయిల్స్ మీద పక్కాగా ఇదే లెక్క వేస్తారని కాదు కానీ, ఊకదంపుడుగా పంపే పద్ధతి ఎందుకు నిలబడదో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది. చిరాకుపడ్డ కొద్దిమంది చాలు, ఆ డొమైన్ నుంచి వెళ్లే మామూలు మెయిల్స్, ఆఖరికి పాత క్లయింట్‌కి పంపిన బిల్లు కూడా స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది.

అందుకే మొదటి మెయిల్‌లో అటాచ్‌మెంట్ వద్దు, లింక్ పొట్టిగా చేసే సర్వీసులు వద్దు, ఎవరు తెరిచారో చూడడానికి పెట్టే కనపడని ట్రాకింగ్ బొమ్మ కూడా వద్దు. ఆ బొమ్మ వల్ల ఇప్పుడు పెద్దగా తెలిసేది కూడా లేదు, 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చినప్పటినుంచి, దాన్ని ఆన్ చేసుకున్నవాళ్ల దగ్గర మనిషి తెరవకపోయినా బొమ్మలు వాటంతటవే లోడ్ అవుతాయి, దాంతో తెరవని మెయిల్ కూడా తెరిచినట్టు లెక్కలోకి వస్తుంది. "మీరు నా మెయిల్ మూడుసార్లు తెరిచారు" అని ఫాలో అప్ రాసేవాళ్లు కూడా ఉన్నారు, అది తప్పు అయ్యే అవకాశం ఎంతుందో, నిజమైతే చదివేవాళ్లకి అంత ఇబ్బందిగానూ ఉంటుంది.

రిప్లై రాకపోతే మళ్లీ రాయొచ్చా? రాయొచ్చు, చాలాసార్లు జవాబు రాకపోవడానికి కారణం వద్దనుకోవడం కాదు, ఆ రోజు పనిలో పడి కిందికి జారిపోవడమే. నాలుగైదు పనిరోజులు ఆగి, తను పంపిన మెయిల్‌కే రిప్లై కొడితే పాత మెయిల్ కింద కనపడుతుంది, మళ్లీ కథంతా చెప్పక్కర్లేదు. కానీ "నా మెయిల్ చూశారా?", "గుర్తు చేద్దామని రాస్తున్నాను" అనేవాటిలో చదివేవాళ్లకి కొత్తగా దక్కేదేం లేదు, అప్పు వసూలుకి వచ్చినట్టు ఉంటుంది. రెండో మెయిల్‌లో కూడా ఏదో ఒకటి చేతికివ్వాలి, ఉదాహరణకి:

> (పేరు) గారు, లిస్ట్‌లోంచి ఒకటి ఇక్కడే చెప్పేస్తున్నాను: చెక్ఔట్‌లో మంచాలకి డెలివరీ ఉచితం అని చూపిస్తోంది, డెలివరీ పేజీలో మాత్రం పెద్ద సామానుకి విడిగా చార్జీ ఉంటుందని ఉంది. మిగతా మూడూ కావాలంటే చెప్పండి, పంపిస్తాను.

దీనికీ జవాబు లేకపోతే ఇంకొక వారం పది రోజులకి ఇంకోటి, అంతటితో ఆపేయడం మంచిది. ఏడు, ఎనిమిది మెయిల్స్ దాకా ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకోమని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ చివరి మెయిల్స్‌కి జవాబుల కన్నా స్పామ్ రిపోర్టులే తెచ్చే గుణం ఎక్కువ, పైన చెప్పిన వెయ్యికి ఒకరి లెక్క ఇక్కడే తిరగబడుతుంది. "ఇదే నా ఆఖరి మెయిల్, మీకు ఆసక్తి లేదనుకుంటాను" అని నిష్ఠూరమాడే మెయిల్ కూడా వద్దు, ఆరు నెలల తర్వాత వాళ్లకే అవసరం పడొచ్చు.

చట్టం గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి, అది మెయిల్ అందుకునేవాళ్ల దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం కంపెనీలకి రాసే మెయిల్స్‌కి కూడా వర్తిస్తుంది, ముందుగా అనుమతి అడగదు కానీ సబ్జెక్ట్ మోసపూరితంగా ఉండకూడదు, పోస్టల్ అడ్రస్ ఉండాలి, ఇక వద్దనే దారి చూపించాలి, వద్దన్నాక 10 పనిరోజుల్లో ఆపేయాలి. పై మెయిల్‌లో అడ్రస్, "మళ్లీ రాయను" అన్న లైన్ ఉన్నది మర్యాదకే కాదు, అందుకు కూడా. జర్మనీలో దీనికి పూర్తిగా భిన్నం, కంపెనీకి రాసినా ముందస్తు అనుమతి లేని ప్రకటన మెయిల్ తప్పు కిందే లెక్క. కెనడాలో కూడా అనుమతి కావాలి, అయితే ఆ మనిషి తన అడ్రస్‌ని ఇలాంటివి వద్దని రాయకుండా పబ్లిక్‌గా పెట్టుకుని, మెయిల్ వాళ్ల ఉద్యోగానికి సంబంధించిందే అయితే కొంత వెసులుబాటు ఉంది. కొన్ని దేశాలకి మెయిల్ కన్నా ఫోనో, తెలిసినవాళ్ల పరిచయమో నయం అన్నమాట.

పంపడం మొదలుపెట్టాక ఎక్కడ తేడా కొడుతుందో కూడా గుర్తుపట్టొచ్చు. మెయిల్స్ వెనక్కి తిరిగొస్తుంటే అడ్రస్‌లు ఊహించి రాస్తున్నట్టు, ఆ పని వెంటనే ఆపాలి, అది డొమైన్‌ని పాడు చేస్తుంది. ఒక్కరి నుంచి కూడా ఏ జవాబూ, ఆఖరికి వద్దన్న జవాబు కూడా రావట్లేదంటే ముందు అనుమానించాల్సింది రాతని కాదు, స్పామ్ ఫోల్డర్‌ని, వేరువేరు సర్వీసుల్లో ఉన్న స్నేహితుల అకౌంట్లకి అదే మెయిల్ పంపి ఎక్కడ పడుతుందో చూడాలి. "ఇది నేను చూసేది కాదు" అని వస్తుంటే మనిషి ఎంపిక తప్పు, అయినా అది మంచి జవాబే, ఎవరు చూస్తారో అడిగితే చాలామంది చెప్తారు. "థాంక్స్, సరిచేసుకున్నాం" అని వచ్చి అక్కడితో ఆగిపోతుంటే ఎత్తి చూపిన సంగతి మరీ చిన్నదైనట్టు, ఒకచోట దిద్దితే అయిపోయేది కాకుండా దాని వెనక ఇంకా పని ఉందని తెలిసే సంగతి వెతకాలి.

"పంపండి" అని వచ్చిన రోజు మాత్రం ఆలస్యం చేయకూడదు. అదే మెయిల్ కింద, అదే రోజు, చెప్పినట్టే నాలుగు సంగతులూ పంపాలి, ఏ పేజీ, అక్కడ ఏముంది, ఎదురుగా ఇంకోచోట ఏముంది అని. వాటితోపాటు, మొత్తం హెల్ప్ సెక్షన్ అంతా ఇలా చూసి సరిచేయాలంటే ఎన్ని రోజులు పడుతుందో, ఎంత అవుతుందో రెండు లైన్లలో రాసేయాలి. లిస్ట్ అడిగిన మనిషికి తర్వాత వచ్చే ప్రశ్న అదే, దాన్ని కాల్‌లో మాట్లాడుకుందాం అని దాటేస్తే మొదటి మెయిల్ నుంచి పోగైన నమ్మకం అక్కడ తగ్గడం మొదలవుతుంది.